నీట్‌లో ఫిజిక్స్ మొదలుపెట్టగానే మా చెల్లికి చేతులు చల్లబడిపోతున్నాయి, నెల రోజులే ఉంది, ఏం చేయాలి?

మిట్టూరు మహేష్ | ఏప్రిల్ 4, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది చిత్తూరు. మా చెల్లి లాంగ్ టర్మ్ చేసి, క్లాసులు అయిపోవడంతో పోయిన వారమే ఇంటికి వచ్చేసింది. మే 4 ఆదివారం నీట్, సెంటర్ తిరుపతి పెట్టుకున్నాం.

సమస్య ఏంటంటే ఇంట్లో కూర్చుని లెక్కలు చేస్తే బాగానే చేస్తుంది. టైం పెట్టుకుని మాక్ టెస్ట్ రాస్తే మాత్రం మనిషి మారిపోతుంది. నిన్న నేను పక్కనే కూర్చుని చూశాను. ఫిజిక్స్ మొదటి ప్రశ్న చదివింది, మళ్ళీ చదివింది, చున్నీకి చేతులు తుడుచుకుంది, మళ్ళీ చదివింది. ఓఎంఆర్ మీద వృత్తం పక్కన పెన్ను ఆనించి అలాగే ఉండిపోయింది, తర్వాత చూస్తే ఆ చుక్క దగ్గర కాగితం చిల్లు పడేలా ఉంది. ఏమైంది పాపా అంటే "అక్షరాలు కనబడతున్నాయి అన్నా, అర్థం మాత్రం కావడం లేదు" అంటుంది. అప్పటికే పావుగంట పోయింది.

నిన్న ఫిజిక్స్‌లో 45కి 17 కరెక్ట్, 16 తప్పు, 12 వదిలేసింది. అంటే 68 లోంచి 16 పోయి 52 మార్కులు. బయాలజీలో మాత్రం 276 వచ్చాయి. ఫిజిక్స్ ముందు రాయమని కోచింగ్‌లో చెప్పారట, బుర్ర ఫ్రెష్‌గా ఉంటుందని.

ఇది టెన్షనేనా, లేక సబ్జెక్టే రాదా? నాకు తెలియడం లేదు, తనకూ తెలియడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రేణిగుంట రవి | ఏప్రిల్ 4, రాత్రి 11:05

బ్రో ఇది పక్కా టెన్షన్. నేను బ్యాంక్ ఎగ్జామ్స్ రాసేటప్పుడు ఇదే ప్రాబ్లం. సింపుల్ మందు, పేపర్ ఇవ్వగానే కళ్ళు మూసుకుని గట్టిగా పది పన్నెండు సార్లు ఊపిరి పీల్చి వదలాలి, ఎంత పెద్దగా పీలిస్తే అంత మంచిది, మెదడుకి ఆక్సిజన్ బాగా వెళ్తుంది. ఇంకోటి, రోజుకో ఫుల్ మాక్ రాయించు. 30 రోజులకి 30 మాక్స్. భయం దానంతటదే పోతుంది.

పీలేరు అమ్మ | ఏప్రిల్ 5, ఉదయం 6:15

మా వాడికి ఇంటర్ పరీక్షలప్పుడు ఇలాగే అయింది బాబూ. చదివిందంతా మర్చిపోయానమ్మా అని ఏడ్చేవాడు. జ్ఞాపకశక్తికి ఏదో సిరప్ వాడితే మంచిదన్నారు, రెండు సీసాలు తాగించాను, ఏమీ తేడా లేదు. మీ చెల్లికి బాదం నానబెట్టి ఇస్తున్నారా?

మిట్టూరు మహేష్ | ఏప్రిల్ 5, ఉదయం 7:30

ఇస్తోంది అమ్మ. కానీ మా పాపకి మరుపు సమస్య కాదమ్మా. పరీక్ష అయిపోయి బయటికి రాగానే అన్నీ గుర్తొస్తాయి.

పాతబెంచి | ఏప్రిల్ 5, ఉదయం 9:20

నేను తిరుపతిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నాయనా మహేష్, నీ ప్రశ్నకి జవాబు ఇంట్లోనే దొరుకుతుంది, ఎవరో ఊహించి చెప్పనక్కర్లేదు.

నిన్నటి పేపర్లో ఆ పాప తప్పు చేసిన 16, వదిలేసిన 12, మొత్తం 28 ప్రశ్నలున్నాయి కదా. వాటిని ఈ సాయంత్రం మళ్ళీ ఇవ్వు. గడియారం తీసేయి. కీ చూపించొద్దు, పుస్తకం తెరవనివ్వద్దు, నువ్వు పక్కన కూర్చోవద్దు. ఎంతసేపైనా చేసుకోనివ్వు. ఇప్పుడు సరిగ్గా వచ్చినవి టెన్షన్ ఖాతాలోకి వెళ్తాయి. టైం ఉన్నా రానివి సబ్జెక్టు ఖాతాలోకి వెళ్తాయి. రెండో ఖాతాలో ఉన్నవాటికి ఎన్ని ఊపిరులు పీల్చినా లాభం లేదు, కూర్చుని చదవాల్సిందే. టెన్షన్ ఖాతాలోకి వచ్చినవి పేపర్లో ఎన్నో నంబరు ప్రశ్నలో కూడా రాసి పెట్టు.

రోజుకో మాక్ మాత్రం వద్దు. మూడు గంటలు రాసి, దాన్ని సరిచూసుకోవడానికి ఇంకో మూడు గంటలు పట్టాలి. రోజూ రాస్తే సరిచూసే టైం ఉండదు, అవే తప్పులు 30 సార్లు చేస్తుంది.

నిమ్మళం | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:45

తిరుపతిలో కౌన్సెలింగ్ చేస్తుంటాను, ఏప్రిల్ నెలంతా మా దగ్గరికి వచ్చేది ఈ పిల్లలే. సార్ చెప్పిన పని ముందు చేయండి, అది చాలా ముఖ్యం.

రవి గారు చెప్పిన ఊపిరి గురించి ఒక మాట, ఎందుకంటే అలా చేసి ఇబ్బంది పడ్డ పిల్లల్ని చూశాను. ఊపిరి మీద ధ్యాస పెట్టమనడం వరకు కరెక్టే. పెద్దగా, గబగబా పది పన్నెండు సార్లు పీల్చడం మాత్రం తప్పు. టెన్షన్‌లో ఉన్న మనిషి అప్పటికే ఎక్కువ గాలి పీలుస్తుంటాడు. దానికి తోడు ఇంకా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, మెదడులో రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయి, తల తిరుగుతుంది, వేళ్ళ చివర్లు, పెదవులు చిమచిమలాడతాయి. అది చూసి పిల్లలు "నాకేదో అయిపోతోంది" అని ఇంకా భయపడతారు.

మేము నేర్పేది దీనికి ఎదురు. ముక్కుతో మామూలుగా, మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి తీసుకోవాలి. భుజాలు లేవకూడదు, పొట్ట కదలాలి. తర్వాత ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి, వేడి కాఫీ మీద ఉఫ్ అని ఊదినట్టు, కానీ కప్పులో అల రాకూడదు. ఒక ఊపిరికి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. పని చేసేది వదిలే భాగమే. గాలి వదిలేటప్పుడు వేగస్ నాడి ద్వారా గుండెకి నెమ్మదించమని కబురు వెళ్తుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి.

ఇది మాత్ర కాదు, పరీక్ష హాల్లో మొదటిసారి చేస్తే పనిచేయదు. ఈ రోజు నుంచి పొద్దున ఐదు నిమిషాలు, పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయించండి. మొదటి నాలుగైదు రోజులు విసుగ్గా ఉంటుంది, లెక్క తప్పుతుంది, పర్వాలేదు.

పనిచేస్తోందో లేదో తెలియడానికి ఒక గుర్తు ఉంది. మొదలుపెట్టే ముందు మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించమనండి, అయిపోయాక మళ్ళీ. కొంచెమైనా తగ్గాలి. అరచేతులు వెచ్చబడటం ఇంకో గుర్తు.

రేణిగుంట రవి | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:10

ఓకే మేడమ్, నాకు కూడా తల తిరిగేది, నిద్ర లేక అనుకున్నాను. మా ఫ్రెండ్ ఒకడు ఇంటర్వ్యూకి ముందు ప్రొప్రనలాల్ అని ఒక మాత్ర వేసుకుంటాడు, గుండె దడ అసలు ఉండదంటాడు. అది ట్రై చేయొచ్చా?

మిట్టూరు మహేష్ | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:20

మా పాపకి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, చలికాలంలో ఇన్హేలర్ వాడుతుంది. ఇలాంటివి ఇవ్వొచ్చా మేడమ్?

నిమ్మళం | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:31

వద్దు. ఆయాసం ఉన్నవాళ్ళకి ఆ మాత్ర ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకునేలా చేస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఆయాసం లేనివాళ్ళయినా డాక్టర్ చూసి రాయకుండా, స్నేహితుడి మాట విని వేసుకోకూడదు. మహేష్, మీ ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పి పెట్టండి, పరీక్ష దగ్గరపడ్డాక ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు.

మిట్టూరు మహేష్ | ఏప్రిల్ 6, రాత్రి 9:15

సార్, మీరు చెప్పినట్టే చేశాం. నేను మేడ మీదికి వెళ్ళిపోయాను. 28లో 11 సరిగ్గా చేసింది, 17 రాలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆశ్చర్యం వేసింది, అంతా టెన్షనే అనుకున్నాను. టెన్షన్ ఖాతాలో ఉన్న 11లో 8 ప్రశ్నలు ఫిజిక్స్ మొదటి 15 ప్రశ్నల్లోనే ఉన్నాయి. రాని 17లో ఆరు రొటేషనల్ మోషన్, నాలుగు లెన్సులూ అద్దాలూ, మిగతావి అక్కడొకటి ఇక్కడొకటి.

తను కాసేపు ఏడ్చింది, తర్వాత "అయితే నాకు పిచ్చేం లేదన్నమాట" అంది.

పాతబెంచి | ఏప్రిల్ 6, రాత్రి 10:00

చాలా బాగా చేశావు. చూడు, ఇప్పుడు జబ్బు ఎక్కడుందో తెలిసింది. దడ మొదటి ఇరవై నిమిషాల్లోనే ఉంది, ఆ తర్వాత తనంతట తనే కుదురుకుంటోంది. ఆ ఇరవై నిమిషాలని ఫిజిక్స్ మీద ఖర్చు పెట్టడమే నష్టం. బుర్ర ఫ్రెష్‌గా ఉన్నప్పుడు ఫిజిక్స్ అన్న సలహా దడ లేని పిల్లలకి సరే, ఈ పాపకి కాదు. బయాలజీతో మొదలుపెట్టించు. 276 వస్తున్నాయంటే ఆ నేల తనకి అలవాటు, అక్కడ నడుస్తుంటే కాళ్ళ వణుకు తగ్గుతుంది.

నీట్‌లో ఇప్పుడు 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. నేను పిల్లలకి చెప్పే లెక్క, బయాలజీ 90 ప్రశ్నలకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కి 60, మిగిలిన 20 వదిలేసినవాటికీ ఓఎంఆర్ సరిచూసుకోవడానికీ. ఫిజిక్స్‌లో ప్రశ్న చదివాక నిమిషంలోపు దారి కనబడకపోతే నంబరు పక్కన గుర్తు పెట్టి ముందుకి పోవాలి. రెండో చుట్టులో చూసుకోవచ్చు. ఓఎంఆర్ మాత్రం ఏ పేజీకి ఆ పేజీ అప్పుడే దిద్దేయాలి. తప్పుకి ఒక మార్కు పోతుంది కాబట్టి, టెన్షన్‌లో గుడ్డిగా దిద్దడం కంటే వదిలేయడమే మేలు.

ఇక సబ్జెక్టు. ఈ నెలలో 17 ప్రశ్నలకీ మందు వేయలేం. లెన్సులూ అద్దాల్లో చాలామంది తప్పుచేసేది ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర. రే డయాగ్రామ్ గీయకుండా ఫార్ములాలో అంకెలు వేసేస్తారు. బొమ్మ గీసి, కాంతి వెళ్ళే దిక్కుని ప్లస్ అనుకుని, దూరాలన్నీ లెన్స్ మధ్య బిందువు నుంచో అద్దం ధ్రువం నుంచో కొలవమను. నాలుగు రోజుల్లో దారికొస్తుంది. రొటేషన్‌కి వారం పెట్టుకోండి, జడత్వ భ్రామకం, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం వరకు. మిగిలినవి వదిలేయండి, నేను వదిలేయమంటున్నానంటే ధైర్యంగా వదిలేయండి.

సిరి స్విమ్స్ దారి | ఏప్రిల్ 7, ఉదయం 8:05

హాయ్ అన్నా, నేను ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్, రెండు అటెంప్ట్‌లు రాశాను, మొదటిది ఇలాగే పోయింది కాబట్టి చెప్తున్నా. మాక్ రాయడం అంటే ప్రశ్నలు చేయడం ఒక్కటే కాదు, ఆ రోజు ఎలా ఉంటుందో మొత్తం అలాగే చేయాలి.

పరీక్ష 2 నుంచి 5 వరకు. గేటు 1:30కి మూసేస్తారు. అంటే లోపలికి వెళ్ళి బెంచీలో కూర్చున్నాక పేపర్ చేతికొచ్చేలోపు చాలాసేపు ఖాళీగా ఉండాలి, ఫోన్ లేదు, పుస్తకం లేదు, పక్కవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చోవడమే. నాకు దడ అంతా అక్కడే వచ్చింది, పేపర్ ఇచ్చే టైంకి చేతులు మంచు. ఇంట్లో మాక్ రాసేటప్పుడు ఈ ఖాళీ టైం ఎవరూ ప్రాక్టీస్ చేయరు, పేపర్ తీసి టక్కున మొదలుపెట్టేస్తారు. చెల్లిని 1:15కి కుర్చీలో కూర్చోబెట్టి, ఏమీ ఇవ్వకుండా 2 వరకు అలాగే ఉంచండి, ఆ తర్వాత పేపర్ ఇవ్వండి. మేడమ్ చెప్పిన ఊపిరి చేయాల్సింది అప్పుడే.

ఇంకోటి, చేతికి వాచీ పెట్టుకోనివ్వరు. గదిలో గోడ గడియారమే దిక్కు, అది మన వెనక ఉండొచ్చు. ఇంట్లో కూడా వాచీ తీసేసి గోడ గడియారంతోనే అలవాటు చేసుకోవాలి. మధ్యాహ్నం అన్నం తిని నిద్రొచ్చే టైం కూడా అదే కదా, ఒంటికి ఆ టైంలో పనిచేయడం అలవాటవ్వాలి. పొద్దున ఆరింటికి మాక్ రాసే పిల్లలకి ఇది తెలియదు.

నిమ్మళం | ఏప్రిల్ 7, ఉదయం 11:20

సిరి చెప్పింది చాలా విలువైన మాట. కాకపోతే ఒకేసారి ఫుల్ మాక్ మీద పెట్టొద్దు, మెట్లు మెట్లుగా వెళ్ళాలి. ఈ వారం 15 ఫిజిక్స్ ప్రశ్నలు, 20 నిమిషాలు, రోజుకొకసారి. తర్వాత వారం 45 ప్రశ్నలు 60 నిమిషాల్లో. మూడో వారం నుంచి సిరి చెప్పినట్టు మధ్యాహ్నం పూర్తి పరీక్ష, వారానికి రెండు చాలు. దడ పూర్తిగా పోవాలని చూడొద్దు. దడ వచ్చినా చేయి రాస్తూనే ఉంటుందని ఒంటికి తెలియాలి, ఈ మెట్లన్నీ దానికోసమే.

ఊపిరి ఎప్పుడు చేయాలో ముందే నిర్ణయించుకోవాలి, లేకపోతే ఆ టైంకి గుర్తురాదు. మూడు చోట్లు చాలు. రోల్ నంబర్ దిద్దిన వెంటనే ఐదు ఊపిరులు. ఒక సబ్జెక్టు అయిపోయి ఇంకోటి మొదలుపెట్టే ముందు మూడు. ఫిజిక్స్‌లో వరసగా రెండు ప్రశ్నలు ఆగిపోతే మూడు, కళ్ళు తెరిచే ఉంచి, పెన్ను కింద పెట్టి. ఐదు ఊపిరులకి 50 సెకన్లు. పిల్లలు టైం వేస్ట్ అంటారు, కానీ ఒకే ప్రశ్నని ఐదుసార్లు చదివితే పోయే టైం అంతకంటే ఎక్కువ.

మిట్టూరు మహేష్ | ఏప్రిల్ 26, రాత్రి 8:50

కొంచెం ఆలస్యంగా రాస్తున్నా. ఈ రోజు మధ్యాహ్నం మాక్ రాసింది, 1:15కే కూర్చోబెట్టాం. పక్కింట్లో పెళ్ళి, మైకు మోగుతూనే ఉంది, అది కూడా మంచిదేలే అనుకున్నాం. ఫిజిక్స్ 24 కరెక్ట్, 9 తప్పు, 12 వదిలేసింది, అంటే 96 లోంచి 9 పోయి 87. చేతులు ఇప్పటికీ చల్లబడుతున్నాయట, కానీ బయాలజీ రెండో పేజీకి వచ్చేసరికి వెచ్చబడ్డాయని చెప్పింది. నాడి కూర్చోగానే 104 ఉండింది, పేపర్ ఇచ్చే ముందు 88.

మధ్యలో 16న రాసిన మాక్ మాత్రం బాగా రాలేదు, 61 వచ్చాయి. ఆ ముందు రాత్రి ఒంటిగంట దాకా చదివింది.

ఇప్పుడు ఇంట్లో వేరే గొడవ. మా అమ్మ ముందు రోజే తిరుపతి వెళ్ళి, అలిపిరి మెట్లెక్కి దర్శనం చేసుకుని, రాత్రి రూంలో ఉండి పరీక్షకి పోదామంటుంది. జేజి మొక్కుకుందట. మా నాన్న పొద్దున్నే చిత్తూరు నుంచి బయలుదేరదామంటాడు. ఏది మంచిది?

పీలేరు అమ్మ | ఏప్రిల్ 26, రాత్రి 9:20

మొక్కు మొక్కే బాబూ, కానీ పరీక్ష అయ్యాక తీర్చుకోండి. స్వామి ఎక్కడికీ పోడు. మేము మా వాడితో ముందు రోజు కొండకి పోయి నడిచి ఎక్కినాం. 3,550 మెట్లు. క్యూలో నిలబడి, రూంకి వచ్చేసరికి రాత్రి పదకొండు. కాళ్ళు లాగుతున్నాయని వాడు తెల్లవార్లూ దొర్లినాడు. పైగా చుట్టాలందరూ ఫోన్లు, బాగా రాయాలి నాయనా అని ఒకరి తర్వాత ఒకరు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది, వాడిని నేనే అలా చేశానే అని.

పాతబెంచి | ఏప్రిల్ 26, రాత్రి 9:45

చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. పరీక్ష మధ్యాహ్నం కాబట్టి పొద్దున ఏడున్నరకి బయలుదేరినా హడావిడి లేదు. మే నెల, ఆదివారం, సెలవులు. ఊరంతా యాత్రికులే ఉంటారు, రూమ్ దొరకడమే కష్టం, దొరికినా అర్ధరాత్రి దాకా తలుపులు కొడుతూనే ఉంటారు. నా ఓటు మీ నాన్నకి. దర్శనం కావాలంటే ముందు రోజు పొద్దున పక్కనే ఉన్న కాణిపాకం వెళ్ళి పదింటికల్లా ఇంటికి రండి.

సిరి స్విమ్స్ దారి | ఏప్రిల్ 26, రాత్రి 10:10

సార్, నేను ఒప్పుకోను. మేము మదనపల్లె నుంచి పొద్దున బయలుదేరితే దారిలో టైర్ పంచరై గంట పోయింది, ఆ గంటలో నేను పడ్డ టెన్షన్ మూడు మాక్‌లకి సరిపోతుంది. తిరుపతిలో తెలిసినవాళ్ళ ఇల్లుంటే ముందు రోజే వచ్చేయడం బెటర్.

నిమ్మళం | ఏప్రిల్ 27, ఉదయం 7:40

ఇద్దరిదీ నిజమే, ఇది ఇంటిని బట్టి ఉంటుంది. కొత్తచోట మొదటి రాత్రి చాలామందికి నిద్ర సరిగ్గా పట్టదు, మెదడు సగం కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. అలవాటైన చుట్టాలిల్లు అయితే అంత ఇబ్బంది లేదు. ఆ పాపనే అడగండి, తనకి ఏది నిమ్మళంగా ఉంటే అదే చేయండి.

ముందు రాత్రి గురించి నేను చెప్పేది కొంచెమే. 16న మీకే తెలిసిపోయింది కదా, రాత్రి ఒంటిగంట దాకా చదివితే మర్నాడు ఏమవుతుందో. సాయంత్రం ఆరు తర్వాత కొత్తది ఏదీ తెరవొద్దు, తను రాసుకున్న ఫార్ములా కాగితం ఒక్కసారి చూసి పక్కన పెట్టేయాలి. మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ, టీ వద్దు, తాగిన ఐదారు గంటలకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రికి రోజూ తినేదే తినాలి. బిడ్డ రేపు పరీక్షకి పోతోందని నాటుకోడి వండొద్దు.

రోజూ పదకొండుకి పడుకునే పిల్లని ఎనిమిదింటికే పడుకోమంటే మూడు గంటలు కప్పు చూస్తూ భయపడుతుంది. ఒక అరగంట ముందు చాలు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కూర్చుని ఆ నాలుగు, ఆరు ఊపిరి చేసి మళ్ళీ పడుకోవాలి. అప్పటికీ సరిగ్గా పట్టలేదనుకోండి, దానికి భయపడొద్దు. అంతకుముందు వారమంతా బాగా నిద్రపోయి ఉంటే ఒక్క రాత్రి తక్కువైనా మూడు గంటల పరీక్ష రాయగలరు. అందుకే నేను ముందు రాత్రి కంటే ముందు వారం నిద్ర గురించే ఎక్కువ పట్టుబడతాను.

చివరగా ఒకటి, ఇష్టమైతేనే. గేటు దగ్గరికి వెళ్ళే ముందు పది నిమిషాలు, మనసులో ఉన్న భయాలన్నీ ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి మీ చేతికిచ్చి లోపలికి వెళ్ళమనండి. షికాగో విశ్వవిద్యాలయంలో రమీరెజ్, బీలాక్ అనే పరిశోధకులు 2011లో సైన్స్ పత్రికలో దీని గురించి రాశారు, బాగా భయపడే పిల్లలకి ఉపయోగపడిందని. మా దగ్గర పిల్లల్లో అందరికీ పనిచేయలేదు, కొందరికి బాగా పనిచేసింది. ముందు ఒక మాక్‌కి చేసి చూడండి, రాశాక భయం పెరిగితే మానేయండి.

రేణిగుంట రవి | ఏప్రిల్ 27, ఉదయం 9:00

మేడమ్, ఊపిరి చేస్తున్నా కూడా గుండె ఆగిపోతుందేమో అన్నంత భయం, ఛాతీ పట్టేయడం, పరీక్ష లేని రోజుల్లో కూడా వస్తే?

నిమ్మళం | ఏప్రిల్ 27, ఉదయం 9:25

అది ఇక్కడ రాసుకుని సరిపెట్టుకునేది కాదు రవి గారూ. ముందు ఒక డాక్టర్‌కి చూపించి గుండె, థైరాయిడ్ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోండి, తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళండి. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మీకు ఇలా జరుగుతోందా?

రేణిగుంట రవి | ఏప్రిల్ 27, ఉదయం 9:50

అవును మేడమ్, రెండు నెలలుగా. వెళ్తాను.

మిట్టూరు మహేష్ | మే 4, రాత్రి 9:30

అయిపోయింది. పొద్దున్నే చిత్తూరు నుంచే బయలుదేరాం, పాపే అలా కోరుకుంది. మొక్కు జూన్‌లో తీర్చుకుందామని జేజిని ఒప్పించాం. రాత్రి పన్నెండు దాటాక గానీ నిద్రపోలేదట, మేడమ్ చెప్పింది గుర్తుపెట్టుకుని దాని గురించి ఎక్కువ ఆలోచించలేదంది.

పన్నెండింటికి సెంటర్ దగ్గర వేపచెట్టు కింద కూర్చుని అర పేజీ రాసి మడిచి ఇచ్చింది. అది నా చొక్కా జేబులోనే ఉంది, చదవలేదు.

ఫిజిక్స్ చాలా కష్టంగా వచ్చిందట, బయట పిల్లలందరూ అదే మాట, కొందరు ఏడుస్తున్నారు. తను 19 ప్రశ్నలు వదిలేసింది. మొదటి నాలుగు ప్రశ్నలూ వరసగా రాకపోయేసరికి చేతులు మళ్ళీ మొదలయ్యాయట, పెన్ను కింద పెట్టి మూడు ఊపిరులు తీసుకుని తొమ్మిదో ప్రశ్న దగ్గరికి పోయిందట, అది లెన్స్ లెక్క, వచ్చింది. ఎన్ని మార్కులొస్తాయో కీ వచ్చాక చూడాలి. సార్ చెప్పినట్టు పేజీ పేజీకి ఓఎంఆర్ దిద్దింది కాబట్టి చివర్లో హడావిడి లేదు.

సిరి స్విమ్స్ దారి | మే 4, రాత్రి 9:52

సూపర్ అన్నా. ఓఎంఆర్ విషయంలో మాత్రం నేను సబ్జెక్టు అయ్యాకే ఒకేసారి దిద్దాను, పేజీ పేజీకి ఆగితే నాకు ఫ్లో పోతుంది.

పాతబెంచి | మే 4, రాత్రి 10:05

నీకు కుదిరింది తల్లీ. ఒక ప్రశ్న వదిలేసి దాని కింది వృత్తం దిద్దుకుంటూ వరసగా పదిహేను తప్పుగా దిద్దినవాళ్ళని నేను చూశాను, అందుకే ఆ మాట మార్చను. మహేష్, కీ వచ్చాక మళ్ళీ రాయి, వదిలేసిన 19ని కూడా రెండు ఖాతాల్లో వేసి చూద్దాం.